తెలుగు, ఆంగ్ల భాషల్లో అలవాటు, కొనసాగింపు: 'ఉన్నాడు', 'ఉంటాడు' రూపాల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

'చేస్తాడు' అంటే సాధారణ వర్తమానం, 'చేస్తున్నాడు' అంటే వర్తమాన కొనసాగింపు అనే సమీకరణం మీద మన ఆంగ్ల బోధన, అనువాద బోధన చాలాకాలంగా ఆధారపడుతున్నాయి. ఈ సమీకరణం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగులో అలవాటుకు, కొనసాగింపుకు భేదాన్ని చూపేది '-తూ' ప్రత్యయం కాదనీ, దాని తరువాత వచ్చే 'ఉండు' ధాతువు రూపమేననీ, ఆ భేదం ఆంగ్లంలోని విభజనతో పాక్షికంగా మాత్రమే సరిపోతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వ్యతిరేక రూపాలు, భూతకాల సందర్భాలు, ఒక చిన్న గద్యభాగం అనువాదం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: తద్ధర్మం, వర్తమానం, క్రియాస్థితి, అలవాటు, కొనసాగింపు, సహాయక్రియ, అనువాదం.

1. ఉపోద్ఘాతం

క్రియ ఎప్పుడు జరిగిందో చెప్పేది కాలం. ఆ క్రియను వక్త ఏ కోణం నుంచి చూస్తున్నాడో చెప్పేది క్రియాస్థితి. ఒకే పనిని ముగిసిన మొత్తంగా చూడవచ్చు, నడుస్తున్న దశలో లోపలి నుంచి చూడవచ్చు, ఒక వ్యక్తి స్వభావంలో భాగంగానూ చూడవచ్చు. బెర్నార్డ్ కామ్రీ 1976లో ప్రచురించిన 'యాస్పెక్ట్' అనే గ్రంథంలో క్రియను లోపలి నుంచి చూసే దృష్టిని అసమాపక దృష్టిగా గుర్తించి, దానిని అలవాటు, కొనసాగింపు అని రెండుగా విభజించాడు. తరువాతి అధ్యయనాలకు ఈ విభజన ఉపయోగపడింది. అయితే ఇది అర్థానికి సంబంధించిన విభజన. ఒక భాషలోని రూపాలు ఈ గీత వెంబడే విడిపోవాలన్న నియమమేమీ లేదు.

తెలుగు వ్యాకరణ సంప్రదాయానికి ఈ భేదం కొత్తది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) వర్తమాన, భూత, భవిష్యత్తులతో పాటు తద్ధర్మాన్నీ చెప్పింది. 'వండుచున్నాడు' వర్తమానం, 'వండెను' భూతం, 'వండఁగలఁడు' భవిష్యత్తు, 'వండును' తద్ధర్మం. తద్ధర్మమన్న మాట పాణినీయం నుంచి వచ్చింది. అక్కడ అది శీలం, ధర్మం, నేర్పు కలిగిన కర్తను తెలిపే ప్రత్యయాల సందర్భంలో కనిపిస్తుంది. అంటే ఫలానా పని చేయడం ఒకరి ధర్మమని చెప్పడమే తద్ధర్మం. ఇందులో కాలం ప్రధానం కాదు. ఆధునిక భాష విషయానికి వస్తే, భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం 'చేస్తాడు' వంటి రూపానికి భవిష్యత్తును, అలవాటును కలిపి ఒకే పేరు పెట్టింది. ఈ రెండు సంప్రదాయాలూ గుర్తించిన ఈ విషయం తరగతి గదిలోని సమీకరణంలోకి మాత్రం రాలేదు.

2. భేదాన్ని చూపేది ఏది?

'చేస్తున్నాడు' అనే రూపాన్ని విడదీస్తే 'చేస్తూ + ఉన్నాడు' అవుతుంది. కొనసాగింపు అర్థం '-తూ'లోనే ఉందని సాధారణంగా భావిస్తాం. కింది రెండు వాక్యాలు ఆ భావనను ప్రశ్నిస్తాయి.

(అ) ఆయన పత్రికలకు వ్యాసాలు రాస్తూ ఉన్నాడు.
(ఆ) ఆయన పత్రికలకు వ్యాసాలు రాస్తూ ఉంటాడు.

రెండింటిలోనూ '-తూ' ఉంది. మొదటిది నడుస్తున్న వాస్తవాన్ని చెప్తుంది. రెండవది అప్పుడప్పుడు పునరావృతమయ్యే పనిని చెప్తుంది. ఈ భేదం 'ఉన్నాడు', 'ఉంటాడు' అన్న రూపాల నుంచే వచ్చింది. '-తూ' చేసే పని ఒక్కటే. క్రియను ముగియనిదిగా చూపి దానిని తరువాతి క్రియకు అప్పగిస్తుంది. 'పాడుతూ నడిచాడు' అన్నప్పుడు కూడా అది చేసేది ఇదే.

'ఉన్నాడు', 'ఉంటాడు' మధ్య ఈ భేదం సహాయక్రియగా వాడినప్పుడే పుట్టిందా అంటే కాదు. 'ఉండు' ప్రధానక్రియగా వచ్చిన వాక్యాల్లోనూ అదే కనిపిస్తుంది.

(ఇ) ప్రిన్సిపాల్‌గారు గదిలో ఉన్నారు.
(ఈ) ప్రిన్సిపాల్‌గారు పది గంటలకు గదిలో ఉంటారు.

మొదటి వాక్యం చెప్పిన తరువాత వెళ్లి చూస్తే గదిలో ఆయన కనిపించాలి, లేకుంటే వాక్యం అబద్ధం. రెండవ వాక్యాన్ని ఒక్కరోజు వెళ్లి చూసి అబద్ధమనలేం. అది క్రమాన్ని చెప్తుంది, లేదా రేపటి సంగతి చెప్తుంది. 'బావిలో నీళ్లు లేవు', 'ఎండాకాలం బావిలో నీళ్లు ఉండవు' అన్న జంటలోనూ ఇదే సంబంధం. ఆంగ్లంలో ఈ రెండు సందర్భాలకూ 'ఈజ్', 'ఆర్' అన్న రూపాలే చాలుతాయి. 'ద ప్రిన్సిపాల్ ఈజ్ ఇన్ హిజ్ రూమ్' అన్న వాక్యానికి 'నౌ' చేర్చవచ్చు, 'ఎవ్రీ మార్నింగ్' చేర్చవచ్చు. క్రియ మారదు. తెలుగులో మార్చక తప్పదు.

కాబట్టి తెలుగు గీసే గీత ఇది. ఒక వైపు, నిర్దేశించిన సమయంలో వాస్తవంగా ఉన్న స్థితి. దీనికి 'ఉన్నాడు', దాని నుంచి వచ్చిన '-తున్నాడు'. రెండవ వైపు, ఏ ఒక్క సమయానికీ కట్టుబడకుండా జరగగలది, జరిగే స్వభావం ఉన్నది, జరగబోయేది. దీనికి 'ఉంటాడు', '-తాడు'. భవిష్యత్తు, అలవాటు, సామర్థ్యం, ఊహ అనే నాలుగూ ఈ రెండవ వైపు కలిసి ఉండటం యాదృచ్ఛికం కాదు. ఈ నాలుగింటిలోనూ వక్త ఒక నిర్దిష్ట ఘటనను కళ్లతో చూసినట్లు ధ్రువీకరించడం లేదు.

'-తూ ఉంటాడు' రూపం ఈ మాటను బలపరుస్తుంది. 'అప్పుడప్పుడు మా ఇంటికి వస్తూ ఉంటాడు' అన్నది అలవాటు. 'రేపు ఈ వేళకు రైల్లో ప్రయాణిస్తూ ఉంటాడు' అన్నది భవిష్యత్తులో కొనసాగింపు. 'ఈపాటికి వంట చేస్తూ ఉంటుంది' అన్నది ఇప్పటి కొనసాగింపును గురించిన ఊహ. ఆంగ్లంలో ఇవి మూడు వేర్వేరు నిర్మాణాలు. మొదటిదానికి సాధారణ వర్తమానం, రెండవదానికి 'విల్ బీ' తో కొనసాగింపు రూపం, మూడవదానికి 'మస్ట్ బీ' తో కొనసాగింపు రూపం. మూడవ వాక్యం ప్రత్యేకంగా గమనించదగ్గది. వంట ఈ క్షణంలోనే జరుగుతూ ఉండవచ్చు. అయినా వక్త చూడలేదు కాబట్టి 'చేస్తున్నది' అనడు. తెలుగులో ఈ ఎంపికను నిర్ణయించేది క్రియ నడుస్తోందా లేదా అన్నది కాదు, దానిని వాస్తవంగా ధ్రువీకరిస్తున్నామా లేదా అన్నది.

3. 'చేస్తాడు', 'చేస్తూ ఉంటాడు'

రెండవ వైపున ఉన్న ఈ రెండు రూపాలూ ఒకటి కావు. 'ఈ మాత్ర జ్వరాన్ని తగ్గిస్తుంది' అంటాం. మాత్ర ఇంకా పెట్టెలోనే ఉన్నా, దానిని ఎవరూ వాడకపోయినా ఆ వాక్యం నిజమే, ఎందుకంటే అది మాత్ర గుణాన్ని చెప్తుంది. 'ఈ మాత్ర జ్వరాన్ని తగ్గిస్తూ ఉంటుంది' అన్నది వినడానికే వింతగా ఉంటుంది. అట్లాగే 'ఆయన చుట్ట తాగుతాడు' అంటే ఆయనకు ఆ అలవాటు ఉందని. 'ఆయన చుట్ట తాగుతూ ఉంటాడు' అంటే తాగుతుండగా పలుమార్లు కనిపించాడని. మొదటిది ధర్మం, రెండవది ఘటనల వరుస. తద్ధర్మమన్న పాత పేరు మొదటిదానికే సరిగ్గా అతుకుతుంది.

ఆంగ్ల సాధారణ వర్తమానం ఈ రెండింటినీ వేరుచేయదు. 'హీ స్మోక్స్' అన్న వాక్యం రెండు అర్థాలకూ సరిపోతుంది. ఘటనల వరుసను ప్రత్యేకంగా చెప్పదలిస్తే 'ఆఫన్' వంటి క్రియావిశేషణాన్నో, 'కీప్స్' అనే క్రియనో తెచ్చుకోవాలి. ఒక ఆశ్చర్యకరమైన తిరగమర కూడా ఇక్కడ ఉంది. విసుగుతో 'హీ ఈజ్ ఆల్వేస్ కంప్లెయినింగ్' అన్నప్పుడు ఆంగ్లం పునరావృత్తికి కొనసాగింపు రూపాన్ని వాడుతుంది. తెలుగు ఇక్కడ 'ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటాడు' అని 'ఉంటాడు' వైపే నిలుస్తుంది. సమీకరణాన్ని నమ్మి 'ఎప్పుడూ ఫిర్యాదు చేస్తున్నాడు' అని అనువదిస్తే విసుగు పోయి వార్త మిగులుతుంది.

4. '-తున్నాడు' పరిధి

ఆంగ్ల కొనసాగింపు రూపానికి తాత్కాలికత అనే ఛాయ ఉంది. 'హీ వర్క్స్ ఇన్ దిస్ కాలేజ్' అంటే స్థిరమైన ఉద్యోగం. 'హీ ఈజ్ వర్కింగ్ ఇన్ దిస్ కాలేజ్' అంటే ప్రస్తుతానికి ఇక్కడ ఉన్నాడు, రేపు మారవచ్చు అనే ధ్వని వస్తుంది. తెలుగులో 'ఆయన ఈ కళాశాలలో పనిచేస్తున్నాడు' అన్న వాక్యానికి ఆ ధ్వని లేదు. పదవీ విరమణ దగ్గరపడిన వ్యక్తి గురించీ అలాగే అంటాం. ఆ వాక్యం అన్న క్షణంలో ఆయన ఇంట్లో నిద్రపోతూ ఉన్నా ఫర్వాలేదు. పనిచేయడమన్న స్థితి వాస్తవమైతే చాలు. 'పనిచేస్తాడు' అన్నదీ వ్యాకరణబద్ధమే కాని, అది ఆయన ఎవరో తెలియనివారికి పరిచయం చేసేటప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది.

'భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుంది', 'భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నది' అన్న రెండు వాక్యాలనూ తెలుగు అంగీకరిస్తుంది. మొదటిది నియమంగా, రెండవది జరుగుతున్న వాస్తవంగా. శాశ్వత సత్యాన్ని చెప్పేటప్పుడు ఆంగ్లం మొదటి పద్ధతినే కోరుకుంటుంది. రెండవది తాత్కాలికతను సూచిస్తుంది కాబట్టి అక్కడ ఇమడదు.

ఇక్కడి నుంచి తెలుగు విద్యార్థుల ఆంగ్లంలో కనిపించే ఒక తరహా వాక్యాలకు కారణం తెలుస్తుంది. 'ఐ యామ్ సీయింగ్ ద హిల్', 'ఐ యామ్ అండర్‌స్టాండింగ్ ద లెసన్' అన్నవి 'కొండ కనిపిస్తున్నది', 'పాఠం అర్థమవుతున్నది' అన్న తెలుగు వాక్యాలకు నీడలు. ఆంగ్లం స్థితులుగా భావించి సాధారణ వర్తమానంలో ఉంచేవాటిని తెలుగు '-తున్న' రూపంలో ఉంచుతుంది. కాని 'ఐ యామ్ నోయింగ్' అన్న వాక్యానికి ఇదే కారణం చెప్పడం పొరపాటు. తెలుగులో 'నాకు తెలుసు' అంటాం. 'తెలుసు', 'కావాలి', 'ఇష్టం', 'వద్దు' వంటి వాటికి '-తూ' చేరదు. 'తెలుస్తున్నది' అన్న రూపం ఉంది గాని, దాని అర్థం 'ఎరుకలోకి వస్తున్నది' అని. 'నాకు ఆయన తెలుసు' అనాల్సిన చోట దానిని ఎవరూ వాడరు. కాబట్టి 'నోయింగ్' అన్నది తెలుగు నుంచి వచ్చిన నీడ కాదు. వర్తమానమంటే కొనసాగింపు రూపమే అన్న తప్పుడు సాధారణీకరణను ఆంగ్లం లోపలే చేయడం వల్ల వచ్చినదనుకోవడం సమంజసం. రెండు దోషాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి, చికిత్సలు మాత్రం వేరు. మొదటిదానికి తెలుగు వాక్యంతో పోల్చి చూపితే చాలు. రెండవదానికి ఆ పోలికే విరుగుడు, ఎందుకంటే విద్యార్థి తన భాషలో '-తున్న' లేని చోట ఆంగ్లంలో కొనసాగింపు రూపాన్ని తెచ్చుకుంటున్నాడని అతనికి చూపవచ్చు. ఈ తేడాను గమనించకుండా అన్నిటినీ మాతృభాషా ప్రభావం అనేయడం మన దోషవిశ్లేషణల్లో తరచుగా కనిపించే లోపం.

5. వ్యతిరేక రూపాలు ఒక పరీక్ష

ఒక రూపం ఏ వర్గానికి చెందుతుందో సందేహం కలిగినప్పుడు దానిని వ్యతిరేకార్థంలోకి మార్చి చూడటం మంచి పద్ధతి.

'తింటాడు' వ్యతిరేకం 'తినడు'. 'తింటున్నాడు' వ్యతిరేకం 'తినడం లేదు'. ఇక్కడ 'ఉన్నాడు'కు వ్యతిరేకమైన 'లేదు' స్పష్టంగా బయటపడుతుంది. 'తింటూ ఉంటాడు' అన్నదానికి 'తింటూ ఉండడు' అన్న రూపాన్ని కల్పించవచ్చు గాని, వ్యవహారంలో 'తినడు' అన్నదే ఆ పని చేస్తుంది. ఘటనలే లేనప్పుడు వాటి వరుస కూడా ఉండదు కాబట్టి ధర్మానికీ వరుసకూ మధ్య ఉన్న భేదం వ్యతిరేకంలో చెరిగిపోతుంది. వాస్తవానికీ ధర్మానికీ మధ్య భేదం మాత్రం చెరగదు. 'ఆయన మాంసం తినడు' అంటే శాకాహారి. 'ఆయన మాంసం తినడం లేదు' అంటే తినేవాడే, ఈ మధ్య మానాడు, లేదా ఈ విందులో ముట్టడం లేదు. పెళ్లి వడ్డనలో ఈ రెండు వాక్యాలకూ ఫలితాలు వేరు.

'తినడు' అన్నది అలవాటుకూ భవిష్యత్తుకూ ఉమ్మడి. 'రాముడు రాడు' అన్న వాక్యానికి 'రాముడికి వచ్చే అలవాటు లేదు' అనీ, 'రాముడు రాబోవడం లేదు' అనీ రెండు అర్థాలు. ఆంగ్లం వీటిని 'డజ్ నాట్ కమ్', 'విల్ నాట్ కమ్' అని విడదీస్తుంది. అంటే ఒక చోట తెలుగు విడదీసిన దానిని ఆంగ్లం కలుపుతుంది, మరో చోట ఆంగ్లం విడదీసిన దానిని తెలుగు కలుపుతుంది. ఏ భాషా మరొక దానికన్నా సంపన్నం కాదు, పేదా కాదు. గీతలు వేర్వేరు చోట్ల ఉన్నాయి, అంతే.

6. భూతకాలంలో

'ఉన్నాడు' రూపానికి మరో విశేషం ఉంది. 'ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు' అనీ అంటాం, 'నిన్న ఇంట్లో ఉన్నాడు' అనీ అంటాం. ఈ రూపం కాలాన్ని తనంతట తాను చెప్పదు. ఈ గుణం '-తున్నాడు'కూ సంక్రమించింది. 'నేను వెళ్లేసరికి ఆయన పేపరు చదువుతున్నాడు' అన్న వాక్యంలో చదవడం గతంలోనిదే. రైఖెన్‌బాఖ్ 1947లో వక్తృసమయం, ఘటనాసమయం, నిర్దేశసమయం అని మూడింటిని వేరుచేశాడు. ఆ మాటల్లో చెప్తే, '-తున్నాడు' ఘటనను నిర్దేశసమయంతో కలుపుతుంది, ఆ నిర్దేశసమయం వక్తృసమయానికి ముందుదా, అదేనా అన్న ప్రశ్నను సందర్భానికి వదిలేస్తుంది. ఆంగ్లం ఈ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. 'ఈజ్', 'వాజ్' అన్న ఎంపిక తప్పనిసరి.

ఇది ప్రామాణిక భాషకు సంబంధించిన మాట. తెలంగాణ వ్యవహారంలో 'ఉండె', 'ఉంటి' అన్న భూతరూపాలు సజీవంగా ఉన్నాయి. అక్కడ 'నేను పోయేసరికి అన్నం తింటుండె' అనీ, 'చిన్నప్పుడు రోజు చెరువు కాడికి పోతుంటి' అనీ అంటారు. ఆ వ్యవహారంలో భూతకాలానికి ప్రత్యేక సహాయక్రియా రూపం ఉంది, కాని అదే రూపం కొనసాగింపుకూ అలవాటుకూ పనికివస్తుంది. ప్రామాణిక భాష 'చదువుతున్నాడు', 'చదివేవాడు' అని వేరుచేసిన రెండింటిని ఇక్కడ ఒక్క రూపం మోస్తుంది. తెలుగు అంతటికీ ఒకే పట్టిక గీయడం కుదరదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ప్రామాణిక భాషలో గతకాలపు అలవాటుకు వాడే 'చదివేవాడు' నిర్మాణం పూర్తిగా వేరు. 'చదివే' అన్నది తద్ధర్మ విశేషణం, పాత రూపం 'చదివెడి'. దానికి 'వాడు' చేరింది. అంటే ఇది రూపరీత్యా నామం. 'ఇక్కడ చదివేవాడు ఎవడు?' అన్నప్పుడు అది నామంగానే ఉంది, అక్కడ గతార్థం లేదు. 'ఆయన రోజూ చదివేవాడు' అన్నప్పుడు విధేయమై గతకాలపు అలవాటును చెప్తుంది. దీని వ్యతిరేకం 'చదివేవాడు కాదు'. నామ విధేయాలను నిషేధించే 'కాదు' ఇక్కడికి రావడమే ఇది నామనిర్మాణమనడానికి సాక్ష్యం. గతకాలపు అలవాటును ఆ మనిషి 'ఎలాంటివాడు' అన్న రూపంలో చెప్పడం తద్ధర్మ భావనకు ఎంత దగ్గరగా ఉందో గమనించవచ్చు.

అనువాదకుడికి చిక్కు ఇక్కడే. ఆంగ్ల సాధారణ భూతం ఒక్కసారి జరిగిన దానికీ, అలవాటుకూ ఉమ్మడి. 'హీ వాక్డ్ టు ద రివర్' అన్న వాక్యం 'ఏటి దాకా నడిచాడు' కావచ్చు, 'ఏటి దాకా నడిచేవాడు' కావచ్చు. 'యూస్డ్ టు', 'వుడ్' అన్న ప్రత్యేక గుర్తులు ఉన్నప్పటికీ ఆంగ్ల కథకులు వాటిని ప్రతి వాక్యంలోనూ వాడరు. ఒక్కసారి అలవాటు అని సూచించి, తరువాతి వాక్యాలను సాధారణ భూతంలోనే నడిపిస్తారు. తెలుగు అలా నడవదు. 'రోజూ ఏటికి నడిచాడు' అంటే అసంపూర్ణంగా వినిపిస్తుంది. 'ఆ వారం రోజులూ నడిచాడు' అని హద్దు గీస్తే సరిపోతుంది. హద్దు లేని పునరావృత్తికి '-ఏవాడు' తప్పదు. కనుక ఒక పేరాలో అలవాటు ఎక్కడ ముగిసి ఒక ప్రత్యేక రోజు కథ ఎక్కడ మొదలైందో ఆంగ్ల రచయిత దాచి ఉంచినా, తెలుగు అనువాదకుడు ఆ సరిహద్దును తానే నిర్ణయించాలి. అనువాదాల్లో కథ ఉన్నట్టుండి కుదుపుకు లోనైనట్టు అనిపించే చోట్ల ఈ నిర్ణయం ఒక వాక్యం ముందో వెనకో జరిగి ఉండే అవకాశం ఉంది.

7. ఒక గద్యభాగం

పై చర్చను పరీక్షించడానికి ఆరు వాక్యాల భాగాన్ని కల్పించుకుందాం.

"మా మామయ్య గుంటూరులో ఉంటాడు. పదేళ్లుగా అక్కడి కళాశాలలో పాఠాలు చెప్తున్నాడు. రోజూ ఉదయం నడకకు వెళ్తాడు. మోకాళ్ల నొప్పి వల్ల ఈ నెల వెళ్లడం లేదు. మొన్న నేను వెళ్లేసరికి జవాబుపత్రాలు దిద్దుతున్నాడు. ఒకప్పుడు రాత్రి పన్నెండు దాకా దిద్దేవాడు."

తరగతి గది సమీకరణాన్ని దీనికి వర్తింపజేద్దాం. ఒకటి, మూడు వాక్యాలకు అది సరిపోతుంది. 'లివ్స్', 'గోజ్' అన్న సాధారణ వర్తమాన రూపాలు వస్తాయి. రెండవ వాక్యంలో అది 'ఈజ్ టీచింగ్ ఫర్ టెన్ ఇయర్స్' అన్న తప్పు వాక్యాన్ని ఇస్తుంది. గతంలో మొదలై ఇప్పటిదాకా వచ్చిన స్థితికి ఆంగ్లం 'హాజ్ బీన్ టీచింగ్' అనాలి. తెలుగుకు ఇప్పుడు వాస్తవమైన స్థితి అన్నది చాలు, దాని పొడవును 'పదేళ్లుగా' చెప్తుంది. నాలుగవ వాక్యానికి 'ఈజ్ నాట్ గోయింగ్' తప్పు కాదు. నెల మొదటి నుంచి అన్న భావం కావాలంటే 'హాజ్ నాట్ బీన్ గోయింగ్' మేలు. ఐదవ వాక్యానికి సమీకరణం 'ఈజ్ కరెక్టింగ్' అంటుంది. కావలసింది 'వాజ్ కరెక్టింగ్'. ఆరవ వాక్యం గురించి దానికి చెప్పడానికి ఏమీ లేదు. 'యూస్డ్ టు కరెక్ట్' అనవచ్చు, సందర్భం అనుమతిస్తే 'కరెక్టెడ్' అని ఊరుకోవచ్చు.

ఒకే '-తున్నాడు' రూపం రెండవ, ఐదవ వాక్యాల్లో రెండు వేర్వేరు ఆంగ్ల రూపాలుగా మారింది, వాటిలో ఏదీ వర్తమాన కొనసాగింపు కాదు. అయినా తెలుగులో ఆ రెండింటి అర్థం ఒక్కటే. నిర్దేశించిన సమయానికి పని వాస్తవంగా నడుస్తూ ఉంది. రెండవ వాక్యంలో ఆ సమయం ఇప్పుడు, ఐదవ వాక్యంలో మొన్న. కాబట్టి విద్యార్థికి ఇవ్వవలసింది సమీకరణం కాదు, వరుసగా మూడు ప్రశ్నలు. ఇది వాస్తవంగా చెప్తున్నదా, ధర్మంగా చెప్తున్నదా? వాస్తవమైతే, ఏ సమయానికి? ఆ సమయం దాకా ఎంతకాలంగా అని వాక్యం చెప్తున్నదా? ఈ మూడింటికి జవాబు దొరికితే ఆంగ్ల రూపం దాదాపుగా తేలిపోతుంది. మిగిలేది ఆంగ్లం స్థితులుగా లెక్కించే కొన్ని క్రియల జాబితా మాత్రమే.

8. రాతలో చెరిగిపోతున్న భేదం

తెలుగు లోపలే ఈ భేదానికి ఒక ప్రమాదం ఉంది. పుంలింగ ఏకవచనంలో 'చేస్తాడు', 'చేస్తున్నాడు' అన్న రూపాలు చూడగానే వేరుగా కనిపిస్తాయి. స్త్రీ, నపుంసక ఏకవచనంలో ధర్మానికి 'చేస్తుంది', వాస్తవానికి 'చేస్తున్నది', దాని సంకోచ రూపాలు 'చేస్తూంది', 'చేస్తోంది'. ఇక్కడ భేదం ఒక్క అచ్చు మీద నిలిచి ఉంది. రాతలో 'ప్రస్తుతం వర్షం కురుస్తుంది' వంటి వాక్యాలు విరివిగా కనిపిస్తున్నాయి. రచయిత ఉద్దేశం కురుస్తోంది అని. చదివేవారు 'ప్రస్తుతం' సాయంతో అర్థం చేసుకుంటారు. ఆ మాట లేకపోతే, 'ప్రభుత్వం ఈ పథకాన్ని అమలు చేస్తుంది' అన్న వాక్యం హామీయో, నివేదికో తేల్చుకోలేం.

దీనిని పట్టుకోవడం సులభం. కర్తను బహువచనంలోకి మార్చి చూడాలి. 'వర్షాలు కురుస్తున్నాయి' అనదలిస్తే ఏకవచనం 'కురుస్తోంది' లేదా 'కురుస్తున్నది'. 'వర్షాలు కురుస్తాయి' అనదలిస్తేనే 'కురుస్తుంది'. ఏ రచయితా బహువచనంలో ఈ పొరపాటు చేయడు. అంటే భేదం మనసులో చెక్కుచెదరకుండా ఉంది, ఒక్క రూపంలో మాత్రమే లిపి దానిని సరిగా మోయడం లేదు.

9. ముగింపు

తెలుగు, ఆంగ్లాలు రెండూ అలవాటును, కొనసాగింపును వేరుచేస్తాయి, కాని వేర్వేరు ప్రమాణాలతో. ఆంగ్లం క్రియకు కొనసాగింపు, తాత్కాలికత అనే గుర్తును చేరుస్తుంది, కాలాన్ని సహాయక్రియ మీద తప్పనిసరిగా చూపుతుంది. ప్రామాణిక తెలుగు వాస్తవానికీ ధర్మానికీ మధ్య భేదాన్ని 'ఉండు' ధాతువు రూపాల్లో తప్పనిసరిగా చూపుతుంది, '-తున్న' రూపంలో కాలాన్ని సందర్భానికి వదులుతుంది. భవిష్యత్తును, అలవాటును, ఊహను ఒకే వైపు ఉంచడం తెలుగులోని అస్పష్టత కాదు, దాని వ్యవస్థ. చిన్నయసూరి తద్ధర్మాన్ని వేరుగా నిలపడంలోని వివేకం ఆంగ్లంతో పోల్చినప్పుడు మరింత స్పష్టమవుతుంది. మాండలికాల్లో, ముఖ్యంగా తెలంగాణ వ్యవహారంలో, భూతరూపాలు ఈ చిత్రాన్ని ఎలా మారుస్తాయో విడిగా పరిశీలించవలసి ఉంది. అంతవరకు డిగ్రీ స్థాయి వ్యాకరణ, అనువాద పాఠాల్లో 'చేస్తాడు', 'చేస్తున్నాడు' పట్టికకు ముందు 'ఉన్నాడు', 'ఉంటాడు' జంటను ఒక్క గంట బోధించినా, మన విద్యార్థుల వాక్యాల్లో చాలా దోషాలకు మూలం వారికే కనిపిస్తుంది.